బదిలీ దరఖాస్తును కాదనే పద్ధతి

ఒకే సంస్థలో ఒక విభాగం నుంచి మరో విభాగానికో, ఒక ఊళ్లోని యూనిట్ నుంచి మరో ఊళ్లోని యూనిట్‌కో మార్చమని ఉద్యోగి స్వయంగా దరఖాస్తు పెట్టుకోవడం ప్రైవేటు కంపెనీల్లో మామూలే. ఇలాంటి దరఖాస్తుకు సాధారణంగా మూడు చోట్ల ఆమోదం కావాలి. ఉద్యోగిని వదులుకునే మేనేజరు ఒప్పుకోవాలి, తీసుకునే మేనేజరు ఒప్పుకోవాలి, నిబంధనలు సరిపోయాయని హెచ్‌ఆర్ విభాగం చెప్పాలి. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు కాదన్నా బదిలీ ఆగిపోతుంది. ఆగిపోయిన సంగతిని ఉద్యోగికి చెప్పే పని మాత్రం చాలాసార్లు వదులుకోలేని మేనేజరు మీదే పడుతుంది.

బయటి నుంచి వచ్చిన అభ్యర్థిని తిరస్కరిస్తే ఆయన తన దారిన వెళ్లిపోతాడు. లోపలి ఉద్యోగి మర్నాడు ఉదయం అదే ల్యాబుకి, అదే కుర్చీలోకి వస్తాడు. పైగా ఇక్కడి పని వదిలి వెళ్లాలనుకుంటున్నట్టు అప్పటికే బయటపడ్డాడు. అందుకే ఈ తిరస్కరణలో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి: ఇప్పుడు కుదరదన్న మాట, ఎందుకు కుదరదన్న కారణం, మళ్లీ ఎప్పుడు అడగవచ్చన్న తేదీ. వీటిలో తేదీని చాలామంది చివర్లో ఓదార్పుగా జోడిస్తారు. నిజానికి అది కారణంలోంచే రావాలి. అడ్డంకి ఏ రోజుకు తొలగుతుందో లెక్క వేస్తే తేదీ దానంతటదే తేలుతుంది. తేదీ తేలడం లేదంటే చెబుతున్న కారణమే సరిగా లేదని అనుమానించాలి.

లెక్కలోంచి కారణం

సంగారెడ్డి జిల్లాలోని ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబు ఉందనుకుందాం. అక్కడ నాలుగేళ్లుగా పనిచేస్తున్న అనలిస్టు ఒకరు జూన్ 3న దరఖాస్తు పెట్టుకున్నారు. హైదరాబాద్‌లోని హెడ్డాఫీసులో రెగ్యులేటరీ అఫైర్స్ విభాగంలో ఒక ఖాళీ ఉంది. మందులకు అనుమతులు కోరుతూ ప్రభుత్వ నియంత్రణ సంస్థలకు పత్రాలు తయారుచేసే విభాగం అది. ల్యాబులో నైట్ షిఫ్టులు ఉంటాయి, అక్కడ ఉండవు. అనలిస్టుకు అర్హత ఉంది, మంచి పేరు ఉంది, తీసుకునే మేనేజరుకు అభ్యంతరం లేదు. అయినా ల్యాబు మేనేజరు కాదనాల్సి వచ్చింది.

కారణం షిఫ్టుల పట్టికలోనే కనిపిస్తుంది. ల్యాబు మూడు షిఫ్టుల్లో వారమంతా నడుస్తుంది. షిఫ్టుకు ఇద్దరు అనలిస్టులు ఉండాలి కాబట్టి రోజుకు ఆరు డ్యూటీలు, వారానికి 42 డ్యూటీలు. వారంలో ఒక సెలవు పోను ఒక్కొక్కరు ఆరు డ్యూటీలు చేస్తారు. అంటే ఏడుగురు ఉంటే పని సరిగ్గా సరిపోతుంది. జబ్బులు, పెళ్లిళ్లు, శిక్షణ రోజులు వస్తాయి కాబట్టి ఇంకొకరు కావాలి. అందుకే ల్యాబుకు ఎనిమిది పోస్టులు ఇచ్చారు. ఏప్రిల్‌లో ఒకరు రాజీనామా చేయడంతో ఇప్పుడు దరఖాస్తుదారుతో కలిపి ఏడుగురే మిగిలారు. ఆయన కూడా వెళ్తే ఆరుగురు 36 డ్యూటీలే చేయగలరు, వారానికి ఆరు డ్యూటీలు ఖాళీ పడతాయి. ఓవర్‌టైమ్‌తో నెట్టుకొద్దామన్నా దానికి చట్టం పెట్టిన హద్దు ఉంది.

జూన్ మొదటి వారంలో ఇద్దరు కొత్త కెమిస్టులు చేరారు కదా, వాళ్లతో నడిపించవచ్చు కదా అనిపించవచ్చు. మందుల ల్యాబులో చేరిన రోజునే ఎవరికీ నమూనా చేతికివ్వరు. ముందు లిఖిత పనివిధానాలు చదవాలి, తర్వాత సీనియర్ పక్కన ఉండగా హెచ్‌పీఎల్‌సీ వంటి యంత్రాల మీద పరీక్షలు చేయాలి, ఆ తర్వాత అర్హత పరీక్ష ఉంటుంది. ఇప్పటికే అర్హత ఉన్న అనలిస్టు పరీక్షించిన నమూనానే కొత్తవాళ్లూ పరీక్షిస్తారు. ఇద్దరి ఫలితాల మధ్య తేడా నిర్ణీత హద్దు లోపల ఉంటేనే కొత్తవాళ్లు సొంతంగా సంతకం పెట్టగలుగుతారు. ఈ ల్యాబులో ఇదంతా పూర్తయ్యేసరికి సెప్టెంబరు చివరి వారం అవుతుంది.

డ్యూటీలు ఖాళీ పడితే ముందుగా దెబ్బతినేది స్టెబిలిటీ పరీక్షలు. మందు గడువు తీరేదాకా చెడిపోకుండా ఉంటుందని నిరూపించడానికి నమూనాలను నిర్ణీత ఉష్ణోగ్రతలో దాచి, మూడు నెలలకు, ఆరు నెలలకు అలా బయటికి తీసి పరీక్షిస్తారు. తీసిన నమూనాను ఇన్ని రోజుల్లోపు పరీక్షించాలన్న గడువు ఉంటుంది. అది దాటితే తప్పిదంగా నమోదు చేసి, కారణం వెతికి, సంజాయిషీ రాసి పెట్టాలి. తర్వాత తనిఖీకి వచ్చేవాళ్లు ముందుగా అడిగే కాగితాల్లో అదీ ఉంటుంది.

వ్యాపార కారణం అంటే ఈ స్థాయిలో ఉండాలి. అది మనిషి గురించి కాకుండా పని గురించి మాట్లాడుతుంది. దరఖాస్తుదారు తనే పట్టిక ముందేసుకుని కూడి చూసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ కారణం ఎప్పుడు తీరిపోతుందో అందులోనే కనిపిస్తుంది. సెప్టెంబరు చివరికి కొత్తవాళ్లిద్దరికీ అర్హత వస్తే అనలిస్టులు తొమ్మిదిమంది అవుతారు. ఒకరు వెళ్లినా ఎనిమిదిమంది ఉంటారు. కాబట్టి మళ్లీ దరఖాస్తు పెట్టుకునే తేదీ అక్టోబరు 1. దాన్ని మేనేజరు దయతో ఇవ్వలేదు, లెక్క ఇచ్చింది.

నిలవని కారణాలు

కొన్ని మాటలు కారణాల్లా కనిపిస్తాయి కానీ కారణాలు కావు. ‘మీ సేవలు ఇక్కడ అత్యవసరం’ అన్నది వాటిలో మొదటిది. మెచ్చుకోలుగానే అంటారు. ఉద్యోగికి మాత్రం మరోలా వినిపిస్తుంది: బాగా పనిచేసినందుకే ఆపేశారు, పని చెడగొట్టి ఉంటే వదిలేసేవారు. పైగా ఈ మాటలో తేదీ పుట్టదు. ఈ ఏడాది అత్యవసరమైన మనిషి వచ్చే ఏడాదీ అత్యవసరమే.

‘యాజమాన్య నిర్ణయం’ అన్నది రెండోది. అది నిర్ణయం పేరు మాత్రమే చెబుతుంది, ఎందుకో చెప్పదు. ‘ప్రస్తుతానికి వీలుపడదు, తర్వాత చూద్దాం’ అన్నది మూడోది. ఈ ‘తర్వాత’ ఉద్యోగి దృష్టిలో రెండు నెలలు, మేనేజరు దృష్టిలో రెండేళ్లు. ఇద్దరూ ఒకే మాట విని రెండు అర్థాలతో బయటికి వెళ్తారు. బడ్జెట్ లేదన్నది నాలుగోది. అది నిజమైతే చెప్పవచ్చు. కాకపోతే, వచ్చే నెలలో అదే ఖాళీలో బయటి నుంచి ఒకరిని తీసుకున్న రోజున అబద్ధం బయటపడుతుంది. ఆ తర్వాత ఆ మేనేజరు ఎంత నిజం చెప్పినా ల్యాబులో ఎవరూ నమ్మరు.

వేరొకరి సొంత విషయాలను కారణంగా చూపడం కూడా తగదు. సహోద్యోగి ప్రసూతి సెలవు మీద వెళ్తోందనో, మరొకరు రాజీనామా ఆలోచనలో ఉన్నారనో రాయకూడదు. ‘జులై నుంచి ఒక పోస్టులో మనిషి ఉండరు’ అని అంకెగా చెబితే చాలు, ఎవరో ఎందుకో అక్కర్లేదు.

కొన్నిసార్లు అసలు అడ్డంకి దరఖాస్తుదారు వైపే ఉంటుంది. చాలా కంపెనీల్లో ఒక పోస్టులో కనీసం ఏడాదో ఏడాదిన్నరో పనిచేశాకే బదిలీ అడగాలన్న నియమం ఉంటుంది. కొత్త పనికి కావలసిన నైపుణ్యం ఇంకా రాకపోయి ఉండవచ్చు. అప్పుడు షిఫ్టుల కొరతను అడ్డం పెట్టుకోకుండా ఉన్నమాట చెప్పాలి. నియమమే కారణమైతే ఆ గడువు నిండే రోజే తేదీ అవుతుంది. నైపుణ్యమే కారణమైతే ఏ శిక్షణ పూర్తి చేయాలో, ఏ పని చేసి చూపాలో పేరు పెట్టి చెప్పాలి. పనితీరు మీద అసంతృప్తి ఉండి షిఫ్టుల పేరు చెబితే, అక్టోబరులో షిఫ్టులు నిండాక మరో సాకు వెతుక్కోవాల్సి వస్తుంది.

ఈ పద్ధతికి లొంగని దరఖాస్తులు

బదిలీ కోరే హక్కు ఉద్యోగికి ఎంతవరకు ఉందన్న దానిపై భారతీయ న్యాయస్థానాల వైఖరి చాలాకాలంగా ఒకేలా ఉంది. ఉత్తరప్రదేశ్‌లో ఒక అధ్యాపకురాలు అమ్రోహా నుంచి గౌతమబుద్ధనగర్‌కు బదిలీ కోరారు, అధికారులు కాదన్నారు. అంతకుముందు అక్కడే చాలా ఏళ్లు పనిచేశారన్నది వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫలానా చోటికే బదిలీ చేయమని ఉద్యోగి పట్టుబట్టజాలరని, అవసరాన్ని బట్టి నిర్ణయించేది యజమానేనని 2021 సెప్టెంబరులో కోర్టు తేల్చింది. అది ప్రభుత్వ సర్వీసు సంగతి. ప్రైవేటు కంపెనీలో నియామక పత్రం, కంపెనీ బదిలీ విధానం ముందు చూడాలి.

కాదనే అధికారం ఉన్నంత మాత్రాన ప్రతి దరఖాస్తునూ షిఫ్టుల లెక్కతో తేల్చడానికి వీల్లేదు. పనిచోట లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం, విచారణ నడుస్తుండగా బాధితురాలు రాతపూర్వకంగా కోరితే ఆమెను గానీ ఎదుటి వ్యక్తిని గానీ మరో చోటికి మార్చమని అంతర్గత కమిటీ సిఫారసు చేయవచ్చు. యజమాని ఆ సిఫారసును అమలు చేయాలి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చి పాత పని చేయలేకపోతున్న ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని అదే వేతన శ్రేణిలో మరో పోస్టుకు మార్చాలని దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో చెప్పింది. దరఖాస్తులో ఆరోగ్యం, వేధింపు, భయం వంటి మాట ఒక్కటి కనిపించినా మేనేజరు సొంతంగా జవాబు రాయకూడదు. ఆ కాగితం ఆ రోజే హెచ్‌ఆర్‌కు చేరాలి.

ముందు మాట, తర్వాత కాగితం

తిరస్కరణ సంగతి ఉద్యోగికి మొదట ఈమెయిల్లో కనిపించకూడదు. మేనేజరు విడిగా పిలిచి చెప్పాలి. షిఫ్టు మొదట్లో చెబితే ఆ ఎనిమిది గంటలూ మనసు చెదిరి పనిచేయాలి కాబట్టి షిఫ్టు చివర్లో చెప్పడం మేలు. దరఖాస్తు అందిన రెండు వారాల్లోపు చెప్పాలి. అంతకంటే ఆలస్యమైతే కబురు క్యాంటీన్ ద్వారా ముందే చేరిపోతుంది.

మాట మొదలుపెట్టగానే ఫలితం చెప్పాలి. ల్యాబు గొప్పతనం, కంపెనీ కష్టాలు పది నిమిషాలు చెప్పి చివర్లో కాదంటే, ఆ పది నిమిషాలూ వినేవాళ్లు ఆశతో గడుపుతారు. అనలిస్టు దాదాపు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: “సార్, నా పనిలో ఏమైనా లోపం ఉందా?” దానికి జవాబు సూటిగా ఉండాలి. “లేదండీ. మీ పనికీ దీనికీ సంబంధం లేదు. మీరు జూన్‌లో వెళ్తే వారానికి ఆరు డ్యూటీలకు మనిషి ఉండడు, అదొక్కటే అడ్డం. పట్టిక ఇదిగో, మీరే చూడండి.” పట్టిక చేతికిచ్చాక కాసేపు మాట్లాడకుండా ఉండాలి. ఆయన కూడి చూసుకుని, శిక్షణ ఇంకా త్వరగా ముగించలేమా అని అడగవచ్చు. అది మంచి ప్రశ్నే. ముగించగలిగితే తేదీ ముందుకు జరుగుతుంది, లేకపోతే ఎందుకు వీలుకాదో అక్కడే తేలుతుంది.

రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది: “అక్టోబరులో పెడితే వస్తుందా సార్?” ఇక్కడ మేనేజరు నోరు జారడం తేలిక. అక్టోబరు 1 నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు అనడం వేరు, అక్టోబరు 1న బదిలీ ఇస్తామనడం వేరు. ఇప్పుడున్న ఖాళీని హెడ్డాఫీసు అప్పటిదాకా ఆపి ఉంచదు. అప్పటికి మరో ఖాళీ రావాలి, ఎంపిక జరగాలి. మేనేజరు తన చేతిలో ఉన్నదానికే మాట ఇవ్వగలడు: ఆ తేదీ తర్వాత ల్యాబు తరఫున అడ్డు చెప్పననీ, ఎంపికైతే 30 రోజుల్లో రిలీవ్ చేస్తాననీ.

మాట అయ్యాక అదే రోజు గానీ మర్నాడు గానీ కాగితం ఇవ్వాలి. జూన్ 14న ఇచ్చే జవాబు ఇలా ఉండవచ్చు:

> జూన్ 3న మీరు పెట్టిన బదిలీ దరఖాస్తును పరిశీలించాం. మిమ్మల్ని ఇప్పుడు రెగ్యులేటరీ అఫైర్స్ విభాగానికి పంపలేకపోతున్నాం.
>
> మన ల్యాబులో వారానికి 42 డ్యూటీలు ఉన్నాయి. ప్రస్తుతం ఏడుగురు అర్హత గల అనలిస్టులు ఉన్నారు. మీరు వెళ్తే వారానికి ఆరు డ్యూటీలు ఖాళీ పడి, స్టెబిలిటీ నమూనాల పరీక్షలు గడువులోపు జరగవు. కొత్తగా చేరిన ఇద్దరికి సెప్టెంబరు చివరికి అర్హత వస్తుందని అంచనా. ఈ నిర్ణయానికి మీ పనితీరుతో సంబంధం లేదు.
>
> అక్టోబరు 1 నుంచి మీరు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పుడున్న ఖాళీలను బట్టి మిగతావారితో పాటు పరిశీలిస్తారు. ఎంపికైతే 30 రోజుల్లో రిలీవ్ చేస్తాం. ఇప్పటి ఖాళీని అప్పటిదాకా ఉంచలేం.
>
> శిక్షణ ఎంతవరకు వచ్చిందో సెప్టెంబరు 1న మీకు రాతపూర్వకంగా తెలియజేస్తాం. ఒకవేళ ఆలస్యమైనా డిసెంబరు 31 తర్వాత సిబ్బంది కొరత కారణంగా మీ దరఖాస్తును ఆపం.
>
> పత్రాల తయారీ పని నేర్చుకోవాలని మీరు రాశారు. ల్యాబు నుంచి రెగ్యులేటరీ అఫైర్స్‌కు వెళ్లే డేటా పత్రాల పరిశీలన జులై నుంచి మీకు అప్పగిస్తాం.

ఈ ఉత్తరంలో మర్యాద విశేషణాల్లో లేదు. తీవ్రంగా చింతిస్తున్నామనో, మీవంటి ఆణిముత్యమనో ఎక్కడా రాయలేదు. అడిగిన దానికి మొదటి పేరాలోనే జవాబు వచ్చింది, అంకెలు దాచలేదు, దరఖాస్తులో ఆయన రాసిన కోరికను చదివినట్టు చివరి పేరాలో తెలుస్తుంది. అయితే ఆ చివరి పేరా నిజంగా ఇవ్వగలిగితేనే రాయాలి. జులైలో ఆ పని చేతికి రాకపోతే ఉత్తరంలోని మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

తేదీకి హద్దు ఎందుకు

ఉత్తరంలోని డిసెంబరు 31 మాట చాలామంది మేనేజర్లు రాయడానికి ఇష్టపడరు. అది లేకపోతే అక్టోబరు 1కి విలువ లేదు. కొత్తవాళ్లలో ఒకరు అర్హత పరీక్షలో తప్పవచ్చు, మరొకరు ఉద్యోగం మానేయవచ్చు. అప్పుడు అనలిస్టులు మళ్లీ ఏడుగురో ఎనిమిదిమందో అవుతారు, లెక్క మళ్లీ జూన్‌కు వస్తుంది. సిబ్బందిని నింపుకునే బాధ్యత సంస్థది. ఎన్నిసార్లు విఫలమైతే అన్నిసార్లు దరఖాస్తుదారు ఆగాలనడం న్యాయం కాదు. అందుకే కొరత పేరు చెప్పి ఆపడానికి ఒక ఆఖరి తేదీ ఉండాలి. ఆ తేదీ రాసుకున్న మేనేజరు బయటి నుంచి మనుషుల్ని తెచ్చుకోవడంలో కూడా తొందరపడతాడు.

ఇలాంటి వ్యవహారాలు చెడిపోతున్నట్టు కొన్ని గుర్తులు ముందే చెబుతాయి. తిరస్కరించిన రెండు వారాల్లో అదే ల్యాబు నుంచి మరొకరిని వేరే విభాగానికి పంపితే, చెప్పిన కారణం అక్కడితో కూలిపోయినట్టే. అందుకే బదిలీ దరఖాస్తులన్నీ ఒకే చోట నమోదు కావాలి, కాదన్న కారణం కూడా అందులో ఉండాలి. రెండోసారి కాదన్నప్పుడు మొదటిసారి చెప్పని కొత్త కారణం వస్తే, ఉద్యోగి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. పరిస్థితి నిజంగా మారితే ఏం మారిందో చెప్పాలి.

మేనేజరు మారడం మరో ప్రమాదం. జూన్‌లో మాట ఇచ్చినవారు ఆగస్టులో వేరే యూనిట్‌కు వెళ్లిపోవచ్చు. వచ్చిన కొత్త మేనేజరు ఆ సంగతి తనకు తెలియదంటే ఉద్యోగి చేతిలో ఏమీ ఉండదు. ఉత్తరం ప్రతి హెచ్‌ఆర్ ఫైల్లో ఉండి, అక్టోబరు 1, డిసెంబరు 31 తేదీలు బాధ్యతలు అప్పగించే పత్రంలో ఉంటే ఈ చిక్కు రాదు.

దరఖాస్తుదారు కూడా కొన్ని కాగితాలు దగ్గర పెట్టుకోవడం మంచిది. నోటిమాటగా కాదన్నప్పుడు “కారణం, మళ్లీ అడగగల తేదీ మెయిల్లో పెట్టండి సార్” అని మర్యాదగా కోరవచ్చు, అందులో తప్పు లేదు. తేదీ వచ్చాక పాత జవాబును జతచేసి కొత్త దరఖాస్తు పెట్టాలి. పాతదే ఇంకా నడుస్తోందనుకుని ఊరుకుంటే చాలా కంపెనీల్లో అది ముగిసిన దరఖాస్తుగానే ఉండిపోతుంది.

సెప్టెంబరు 1న శిక్షణ సంగతి తెలియజేయాల్సింది మేనేజరు. అనలిస్టు వచ్చి గుర్తుచేసేదాకా ఆగితే అది మరచిపోయిన మాట కిందే లెక్క. తేదీ ఇచ్చినవారే ఆ తేదీని గుర్తుపెట్టుకోవాలి. అది చేయలేని సంస్థ తేదీ ఇవ్వకుండా కాదనడమే నయం.